లీటరు రంగు ఎన్ని అడుగులకు వస్తుంది? గది రంగుల లెక్క మొదటి నుంచి చివరి దాకా

ఎమల్షన్ డబ్బా వెనక్కి తిప్పి చూస్తే ఒక అంకె ఉంటుంది. లీటరుకు రెండు కోటింగుల్లో 130 నుంచి 150 చదరపు అడుగులు అనో, రకం తక్కువదైతే 110 అనో రాసి ఉంటుంది. గోడ వైశాల్యాన్ని ఆ అంకెతో భాగిస్తే లీటర్లు వచ్చేస్తాయని అందరం అనుకుంటాం. భాగహారంలో తప్పేమీ ఉండదు. కానీ సగం పని అయ్యేసరికి రంగు చాలక షాపుకు పరిగెత్తేవాళ్లు ఎక్కువే. ఎందుకంటే ఆ అంకె నున్నగా ఉండి, ప్రైమర్ పడి, రంగును లోపలికి లాగని గోడకు రాసింది. మన గోడ అలాంటిదా కాదా అన్నదాని మీదే లెక్కంతా నిలుస్తుంది. కొలతలు తీయడం అరగంట పని. గోడ ఎంత తాగుతుందో తెలుసుకోవడమే అసలు పని.

ముందు కొలతలు. కొత్తగా కట్టిన ఇంట్లో ఒక పడకగది తీసుకుందాం. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, నేల నుంచి స్లాబు దాకా 10 అడుగుల ఎత్తు. గదికి ఒక తలుపు 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. బాత్రూం తలుపు రెండున్నర అడుగుల వెడల్పు, అదే ఎత్తు. కిటికీ 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు.

నాలుగు గోడల చుట్టుకొలత 46 అడుగులు. దాన్ని ఎత్తుతో గుణిస్తే 460 చదరపు అడుగులు. కింద 4 అంగుళాల స్కర్టింగ్ టైలు ఉంటుంది కాబట్టి ఓ 15 అడుగులు తగ్గుతాయి, 445 మిగులుతుంది. పెద్ద తలుపు 21, బాత్రూం తలుపు 17.5, కిటికీ 20, మొత్తం ఖాళీలు 58.5. ఇవి తీసేస్తే 386.5.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది గోడ మందం. కిటికీ ఫ్రేము గోడలో ఒక పక్కకు కూర్చుంటుంది, మిగతా మందం గదిలోకి కనబడుతుంది, దానికీ రంగు వేయాల్సిందే. మన కిటికీకి రెండు పక్కలా నాలుగేసి అడుగులు, పైన ఐదు, కలిపి 13 అడుగుల పొడవు. లోపలికి 5 అంగుళాల లోతు ఉందనుకుంటే దాదాపు ఐదున్నర చదరపు అడుగులు. కింద గ్రానైట్ పలక ఉంటుంది కాబట్టి అది లెక్కలోకి రాదు. తలుపుల దగ్గర మాత్రం కాస్త చూడాలి. గదిలోకి తెరుచుకునే తలుపుకు ఫ్రేము గది వైపు గోడకు సమంగా ఉంటుంది, కాబట్టి మిగిలిన అంచంతా హాలు వైపు పడుతుంది. ఈ గదికి దాని ఖర్చు లేదు, హాలుకు ఉంది. బాత్రూం గోడ నాలుగున్నర అంగుళాలదే అయితే ఫ్రేమే దాన్నంతా ఆక్రమిస్తుంది, అక్కడ అంచు లేనట్టే.

అంటే గోడలకు రంగు పడే చోటు 392 చదరపు అడుగులు, సీలింగు 132. కలిపితే 524. ఈ రెండింటినీ వేర్వేరుగా రాసుకోవాలి. లప్పం, ప్రైమర్ రెండింటికీ ఒకటే అయినా, పైన పడే రంగు వేరు, ధర వేరు.

పెయింటర్లు నోటి లెక్కగా వాడే సూత్రం ఒకటుంది. నేల వైశాల్యాన్ని మూడుతో గుణించు, గోడల వైశాల్యం వస్తుంది. మన గదికి 132ను మూడుతో గుణిస్తే 396, మనం టేపు పట్టి తీసిన 392కు ఆనుకునే ఉంది. అందుకే ఆ సూత్రాన్ని తీసిపారేయలేం. కానీ అది పడకగది సైజు గదులకే పనిచేస్తుంది. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న హాలు చూడండి. నేల 300, మూడింతలు చేస్తే 900. నిజానికి గోడలు చుట్టూ 70 అడుగులే, అంటే ఖాళీలు తీయకముందే 700. అదే 4 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న నడవా అయితే నేల 80, సూత్రం ప్రకారం 240. కానీ గోడలు 480! ఇంటి మొత్తానికి ఒకేసారి మూడింతలు కడితే హాలు ఎక్కువ, నడవా తక్కువ కలిసి సర్దుకున్నట్టు కనిపిస్తుంది. హాలుకు ఖరీదైన రంగు, నడవాకు మామూలు రంగు అనుకున్నప్పుడే తేడా బయటపడుతుంది.

ఇప్పుడు తాగుడు సంగతి. ఒక లీటరు నీళ్లను ఒక చదరపు మీటరు మీద సమంగా పరిస్తే సరిగ్గా ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. లీటరు రంగు రెండు కోటింగుల్లో 130 చదరపు అడుగులకు, అంటే దాదాపు 12 చదరపు మీటర్లకు వచ్చిందంటే, రెండు పొరలూ కలిపి తడిగా ఉన్నప్పుడు మిల్లీమీటరులో పన్నెండో వంతు. అందులో నీళ్లు ఆవిరై మిగిలే సరుకు మూడో వంతు అటూ ఇటూ. అంటే ఎండాక గోడ మీద ఉండేది తలవెంట్రుక మందంలో సగం కూడా కాదు. ఇంత పలచని పొరలోంచి కొంత లోపలికి పోతే పైన ఏం మిగులుతుంది?

సిమెంటు గిలాబు గోడ నిండా కంటికి కనిపించని సన్నని రంధ్రాలు. అవి రంగులోని నీళ్లను లాగేస్తాయి. నీళ్లతో పాటు రంగు పొడిని పట్టి ఉంచే జిగురు కూడా కొంత పోతుంది. పైన మిగిలిన పొడికి పట్టు చాలదు, చేత్తో రుద్దితే అరచేతికి అంటుకుంటుంది. రెండో ఇబ్బంది రోలరు వేసేటప్పుడే కనిపిస్తుంది. ఒక పట్టీ వేసి పక్క పట్టీకి వచ్చేలోపే మొదటిదాని అంచు ఆరిపోతుంది. దాని మీద మళ్లీ రోలరు పడితే అక్కడ రెండు పొరలవుతాయి. సాయంత్రం లైటు వేసినప్పుడు గోడ మీద చారలు తేలతాయి. "రంగు బాగోలేదు" అని చాలాసార్లు షాపువాడిని తిడతాం గానీ, తప్పు గోడది.

గోడ ఎంత తాగుతుందో తెలుసుకోవడానికి మొదటి పరీక్ష తడి చేత్తో నీళ్లు చిలకరించడం. చుక్కలు పడ్డ కొద్ది క్షణాల్లోనే మాయమై అక్కడ గోడ ముదురు రంగుకు తిరిగితే బాగా తాగే గోడ. కాసేపు పైన నిలిచి మెల్లగా ఇంకితే మామూలు గోడ. చుక్కలు జారిపోతే దాని మీద పాత ఆయిల్ పెయింటు లాంటిది ఏదో ఉన్నట్టు. అక్కడ తాగుడు బెంగ లేదు గానీ, ఉప్పుకాగితంతో గరుకు చేయకపోతే కొత్త రంగు పట్టుకోదు, పొరలు పొరలుగా లేస్తుంది.

రెండో పరీక్షకు ఇంకాస్త ఓపిక కావాలి, కానీ అంకె చేతికిస్తుంది. ఏ సరుకు వాడబోతున్నారో దాన్ని కొలగ్లాసుతో సరిగ్గా పావు లీటరు తీసుకోండి. డబ్బా మీద రాసినంత నీళ్లు కలపండి. గోడకు ఒక మూల నుంచి బ్రష్షుతో, పెయింటరు మామూలుగా వేసే తీరులోనే, అయిపోయేదాకా వేయించండి. రోలరు వద్దు. అది తాగి తనలోనే ఉంచుకునే రంగు ఇంత చిన్న కొలతను తారుమారు చేస్తుంది. బ్రష్షును కూడా ముందు నీళ్లలో ముంచి పిండి వాడాలి. తర్వాత టేపు పెట్టి కొలవండి. 30 చదరపు అడుగులు వస్తే ఒక కోటింగుకు లీటరుకు 120. ఇరవైరెండే వస్తే లీటరుకు 88. ఈ అంకె నీళ్లు కలపని లీటరుకు వర్తిస్తుంది, డబ్బా మీది అంకె కూడా అలాంటిదే. లెక్కలు తప్పడానికి ఇదో పెద్ద కారణం. పది లీటర్లకు ఐదు లీటర్ల నీళ్లు కలిపాం కాబట్టి పదిహేను లీటర్ల రంగు ఉందనుకుంటే పొరపాటు. గోడ మీద నిలిచే సరుకు ఆ పది లీటర్లలోదే. మోతాదు మించి నీళ్లు పోస్తే అడుగులు పెరిగినట్టే ఉంటుంది, కానీ ఆరాక లప్పం తెల్లదనం కింది నుంచి తొంగిచూస్తుంది, మూడో కోటింగు తప్పదు.

మన గదికి వద్దాం. కొత్త గిలాబు మీద ముందు తెల్ల సిమెంటు లప్పం రెండు చేతులు. సంచి మీద కేజీకి పదిహేను నుంచి ఇరవై అడుగుల దాకా రాసి ఉంటుంది, అది అద్దంలాంటి గోడకు. చేత్తో రుద్దిన మామూలు గిలాబుకు కేజీకి 10 నుంచి 12 అడుగులు అనుకోవడం క్షేమం. 524ను 11తో భాగిస్తే 48 కేజీలు. అంటే 40 కేజీల సంచి ఒకటి, 20 కేజీలది ఒకటి. గోడలో ఎత్తుపల్లాలుంటే లెక్క పూర్తిగా మారుతుంది. పొడవైన అల్యూమినియం పట్టీని గోడకు ఆనించి చూడండి. దాని కింద నుంచి వెలుతురు ఎక్కువగా కనిపిస్తే, ఆ పల్లాలన్నీ లప్పంతోనే పూడుతాయి. అలాంటి గదికి 65, 70 కేజీలు పోయినా వింతేం కాదు. గిలాబు మేస్త్రీ మిగుల్చుకున్న శ్రమకు డబ్బు లప్పం సంచుల్లో మనం కడతామన్నమాట.

తాగుడుతో లప్పానికి ఇంకో ముడి కూడా ఉంది. తెల్ల సిమెంటు లప్పం గట్టిపడాలంటే దానిలో నీళ్లు కాసేపు నిలవాలి. ఎండిపోయిన గోడకు నేరుగా పెడితే గోడ ఆ నీళ్లను పీల్చేస్తుంది, లప్పం పొడిపొడిగా ఉండిపోతుంది. కాబట్టి ముందు గోడ మీద నీళ్లు చల్లి, కారే తడి ఆరాక, చెమ్మగా ఉన్నప్పుడే పెట్టాలి. వేలితో గీరితే పొడి రాలే లప్పం మీద వేసిన ప్రైమర్ లప్పంలోకే పోతుంది. రుద్దిన తర్వాత మిగిలే దుమ్ము కూడా ఇంతే. పొడి గుడ్డతో తుడవకుండా ప్రైమర్ వేస్తే ఆ దుమ్మే దాన్ని తాగేస్తుంది, పొర గోడకు కాక దుమ్ముకు అంటుకుంటుంది.

ప్రైమర్ ఒక కోటింగు, 524 చదరపు అడుగులు. లప్పం మీద లీటరుకు 120 చొప్పున 4.4 లీటర్లు. బకెట్లో, రోలరులో పోయేదానికి ఓ ఐదు శాతం కలిపితే 4.6. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరుది ఒకటి సరిపోతాయి. లప్పం లేకుండా నేరుగా గిలాబు మీదే అయితే లీటరుకు 90 కట్టుకోవాలి, అప్పుడు ఆరు లీటర్లు దాటుతుంది.

గోడలకు ఎమల్షన్ రెండు కోటింగులు. ప్రైమర్ పడింది కాబట్టి లీటరుకు 130 ధైర్యంగా తీసుకోవచ్చు. 392కు 3 లీటర్లు, పది శాతం అదనంతో 3.3. మూడు చాలవు, కాబట్టి 4 లీటర్ల డబ్బా. సీలింగుకు మామూలు తెల్ల ఎమల్షన్, లీటరుకు 110 చొప్పున 132 అడుగులకు 1.2 లీటర్లు. ఒక్క గదికే అయితే లీటరు డబ్బాలు రెండు కొనాలి, ముప్పావు లీటరు పైగా మిగిలిపోతుంది. ఇల్లంతా సీలింగు ఒకే తెలుపు అయితే గదులన్నీ కలిపి భాగించి పెద్ద డబ్బా తెచ్చుకోవడం నయం. గోడల రంగులు గదికొకటి పెట్టుకున్నప్పుడు ఈ మిగులు తప్పదు. నాలుగు గదులకు నాలుగు రంగులంటే నాలుగు డబ్బాల అడుగున మిగిలేదానికీ డబ్బు కట్టినట్టే.

"ప్రైమర్ ఎందుకండీ, దాని బదులు ఇంకో చేయి రంగే వేస్తే పోలా" అనే మాట తరచూ వినబడుతుంది. లెక్కకు కొన్ని ధరలు అనుకుందాం, మీ ఊరి ధరలు పెట్టి మార్చుకోండి. ప్రైమర్ లీటరు 150 రూపాయలు, గోడల ఎమల్షన్ 350, సీలింగు ఎమల్షన్ 200, లప్పం కేజీ 25. గోడల వరకు ప్రైమర్ 3.3 లీటర్లు, దాదాపు 500 రూపాయలు. అది మానేస్తే ఎమల్షన్ మొదటి కోటింగును లప్పం తాగుతుంది. లీటరుకు 130 కాస్తా 90కి పడిందనుకుంటే 392 అడుగులకు 4.4 లీటర్లు, అదనంతో 4.8. అంటే లీటరున్నర ఎక్కువ, 525 రూపాయలు. మిగిలిందేమీ లేదు, పైగా చారలు బోనస్. రంగు ఖరీదైనదయ్యే కొద్దీ ప్రైమర్ మానడం మరింత నష్టం.

ఇక కూలి. అడుగుకు ఇంత అని మాట్లాడుకున్నప్పుడు గొడవ వచ్చేది ఖాళీల దగ్గర. సరుకు లెక్కకు తలుపులు, కిటికీలు పూర్తిగా తీసేయాలి, గోడ లేని చోట రంగు పట్టదు కదా. కూలి కొలత వేరు. తలుపు చుట్టూ టేపు అంటించి, బ్రష్షుతో అంచులు దిద్దే పనికి వెడల్పాటి గోడ కంటే ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి పెయింటరు ఖాళీలు తీయనంటే అందులో కొంత న్యాయం ఉంది. ప్రభుత్వ పనుల్లో పాటించే ఐఎస్ 1200 కొలతల పద్ధతి దీనికి మధ్యేమార్గం చూపిస్తుంది. అర చదరపు మీటరు, అంటే ఐదున్నర చదరపు అడుగుల లోపు ఖాళీని అసలు తీయరు. అక్కడి నుంచి మూడు చదరపు మీటర్ల దాకా, అంటే 32 అడుగుల దాకా ఉంటే, గోడ రెండు ముఖాల్లో ఒక ముఖానికే తీస్తారు, అంచుల మందాన్ని విడిగా కలపరు. అంతకంటే పెద్దవైతే రెండు ముఖాలకూ తీసి, అంచులు కొలిచి కలుపుతారు. మామూలు తలుపులు, కిటికీలన్నీ మధ్య వర్గంలోకే వస్తాయి.

మన గదికి మూడు రకాలుగా చూద్దాం. ఖాళీలూ స్కర్టింగూ ఏమీ తీయకపోతే గోడలు 460, సీలింగు 132, మొత్తం 592. ఖాళీల్లో సగం ఈ గదికి, సగం అవతలి ముఖానికి తీసేశామనుకుంటే 445లో 29 పోయి 416, సీలింగుతో 548. నిఖార్సుగా కొలిస్తే 524. లప్పం నుంచి చివరి కోటింగు దాకా అడుగుకు 12 రూపాయల కూలి అనుకుంటే ఇవి వరుసగా 7,104, 6,576, 6,288 రూపాయలు. ఒక్క గదిలోనే మొదటిదానికీ చివరిదానికీ 800 తేడా. ఏ పద్ధతైనా పర్వాలేదు, పని మొదలయ్యే ముందే కాగితం మీద రాసుకోవాలి. గోడ రంగు పడ్డాక టేపు తీస్తే మిగిలేది వాదనే.

సరుకు ఖర్చు కలుపుదాం. లప్పం 60 కేజీలకు 1,500, ప్రైమర్ 5 లీటర్లకు 750, గోడల రంగు 1,400, సీలింగు రంగు 400, ఉప్పుకాగితాలు, టేపు, రోలరు, నేల మీద పరిచే కవర్లకు 500. మొత్తం 4,550. కూలి మధ్య పద్ధతిలో 6,576. గది ఖర్చు 11,126 రూపాయలు. ఇందులో చేతిపని సగాని కంటే ఎక్కువ. మొత్తం కలిపి అడుగుకు ఇంత అని సరుకుతో సహా కాంట్రాక్టు ఇచ్చినప్పుడు, ఖర్చు తగ్గించుకోవాలంటే కాంట్రాక్టరుకు సులువైన దారి ఒక కోటింగు ఎగ్గొట్టడం లేదా నీళ్లు పెంచడం. ఖాళీ డబ్బాలు పారేయకుండా మూలన పెట్టించండి. నాలుగు లీటర్లు పట్టాల్సిన గదికి రెండే లీటరు డబ్బాలు ఖాళీ అయితే గోడను అడగక్కర్లేదు.

పాత గోడకు మళ్లీ రంగు వేసేటప్పుడు ఈ లెక్క చాలా మారుతుంది. పాత ఎమల్షన్ గట్టిగా ఉంటే అదే ప్రైమర్ పనిచేస్తుంది. పగుళ్లకు లప్పం పెట్టిన చోట మాత్రమే ప్రైమర్ ముట్టించి, రెండు కోటింగులు వేస్తే డబ్బా మీది అంకె దాదాపు నిజమవుతుంది. కానీ ఆ చిన్న మరకల్లాంటి చోట్ల ప్రైమర్ మానేస్తే, ఆరాక ఒక్కో లప్పం మచ్చా మెరుపు లేకుండా విడిగా కనిపిస్తుంది. డిస్టెంపరు గోడ అయితే తడి వేలితో రుద్ది చూడాలి. తెల్లగా వేలికి వచ్చేస్తుంటే గీకి తీయక తప్పదు, ఆ తర్వాత దాన్ని కొత్త గోడలాగే లెక్కగట్టాలి.

రంగు ఛాయ వల్ల వచ్చే తేడా తాగుడుకు సంబంధించింది కాదు, కప్పడానికి సంబంధించింది. ముదురు గోడ మీద లేత రంగు వేసినా, ఎర్రటి ఎరుపు, నిమ్మపండు పసుపు లాంటివి వేసినా రెండు కోటింగుల్లో కిందిది మూయదు. వాటికి మూడో కోటింగు ముందే కట్టుకోవాలి, అంటే సరుకు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఒక్క గోడకే అలాంటి రంగు పెట్టుకుంటే ఆ గోడను విడిగా కొలుచుకోవాలి.

షాపులో మిషను మీద కలిపించిన రంగును వెనక్కి తీసుకోరు. చాలలేదని మళ్లీ కలిపిస్తే ఛాయ అచ్చంగా అదే రాకపోవచ్చు. రెండు డబ్బాలు పడుతుంటే పెద్ద బకెట్లో రెండూ కలిపేసి వాడితే ఒకే గోడ మీద తేడా రాదు. అయినా చాలదనిపిస్తే, ఉన్న రంగుతో గోడను మూల నుంచి మూల దాకా పూర్తి చేసి, కొత్త డబ్బాను పక్క గోడ నుంచి మొదలుపెట్టించండి. మూల దగ్గర వెలుతురు మారుతుంది కాబట్టి కొద్దిపాటి తేడా కంటికి ఆనదు. అన్నీ అయ్యాక అర లీటరు మిగిలితే, మూతకు గది పేరు, రంగు కోడు రాసి, గట్టిగా బిగించి ఎండ తగలని చోట పెట్టండి. ఫ్యాను కొక్కెం మార్చినా, సోఫా తగిలి గోడ గీరుకుపోయినా అదే పనికొస్తుంది.